జాబితాలో లేని అయిదుగురు

పనిచేసే చోట ఆమెను అందరూ షట్టరమ్మ అంటారు. ఎదురుగా ఎవరూ అనరు. పంతొమ్మిదేళ్ళుగా విమానాశ్రయంలో విదేశీ విమానాల చెక్‌ఇన్ కౌంటర్ దగ్గర పని. విమానం బయలుదేరడానికి సరిగ్గా గంట ముందు కౌంటర్ మూసేస్తుంది. రెండు నిమిషాలు ఆలస్యంగా పరిగెత్తుకొచ్చినవాళ్ళు బతిమాలినా, తిట్టినా, కళ్ళనీళ్ళు పెట్టుకున్నా తెరవదు. తెరవాలనుకున్నా అది ఆమె చేతిలో లేదు. గంట ముందు కంప్యూటర్లో విమానం మూతపడిపోతుంది, ఎన్ని బ్యాగులెక్కాయో, ఎంతమంది ఎక్కుతున్నారో లెక్క కట్టి పైలట్‌కు పంపేస్తారు. ఈ మాట రోజుకు పదిసార్లు చెప్పి చెప్పి ఆమె గొంతులో ఒక గరుకుదనం స్థిరపడిపోయింది. ఇంట్లో కాఫీ కావాలా అని అడిగినా కౌంటర్ మూసేసినట్టే ఉంటుందని భర్త అంటాడు.

ఆమెకు ఒక తమ్ముడు. గంటన్నర విమాన ప్రయాణం దూరంలో ఉన్న చిన్న పట్నంలో, బస్టాండుకు ఎదురుగా టికెట్ల షాపు పెట్టుకున్నాడు. పెట్టించిందే ఆమె. డిగ్రీ మధ్యలో వదిలేసి ఊరి మీద తిరుగుతుంటే, నెల రోజులు తన ఇంట్లో కూర్చోబెట్టుకుని పని నేర్పింది. బుకింగు నంబరంటే ఏమిటి, బ్యాగుకు ట్యాగు ఎక్కడిదాకా పడుతుంది, ఏ టెర్మినల్ నుంచి ఏ టెర్మినల్‌కు ఎంతసేపు పడుతుంది, అన్నీ వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించినట్టు నేర్పింది. షాపు తెరిచిన రోజున ఒక అట్టముక్క మీద విమానాశ్రయాల పేర్లూ వాటి పక్కన నిమిషాలూ తన చేత్తోనే రాసి గోడకు అంటించింది. తమ విమానాశ్రయం పక్కన తొంభై అని ఉంటుంది. దేశీయ విమానం దిగి విదేశీ విమానం ఎక్కడానికి కనీసం తొంభై నిమిషాలు ఉండాలని.

ఆ రోజు సాయంత్రం నాలుగూ పదికి వెళ్ళాల్సిన విమానానికి, మూడూ పదికి ఆమె కౌంటర్ మూసేసింది. బోర్డు తిప్పి, బెల్టు ఆపి, మంచినీళ్ళ సీసా తీసుకుంది. మూడూ నలభైకి అయిదుగురు ఆడవాళ్ళు హాలు అవతలి చివర నుంచి పరిగెత్తుకుంటూ వచ్చారు. ముందు ఒక నలభై ఏళ్ళావిడ, వెనక ఒకే రకం నీలం జెర్సీల్లో నలుగురు అమ్మాయిలు. ఒక్కొక్కరి భుజానికీ టేబుల్ టెన్నిస్ బ్యాటు సంచి. ఒక పిల్ల బూటు ఊడిపోతే చేత్తో పట్టుకుని పరిగెడుతోంది.

"కౌంటర్ మూసేశామండీ," అంది ఆమె, వాళ్ళు నోరు తెరవకముందే.

"మూసేశారా? విమానం నాలుగూ పదికి కదా! ఇంకా అరగంటుంది!"

"గంట ముందే మూస్తామండీ."

"మేం ఆలస్యంగా రాలేదమ్మా! మీ విమానమే ఆలస్యంగా తెచ్చింది! రెండింటికి దిగాల్సింది రెండూ యాభైకి దింపారు. తర్వాత సామాను కోసం అరగంట దాకా బెల్టు దగ్గర నిలబెట్టారు. అక్కణ్ణుంచి బస్సులో ఈ టెర్మినల్‌కు వచ్చాం. ఇందులో మా తప్పేముంది?" వచ్చినావిడ పిల్లల స్కూల్లో కోచ్. ఊపిరందకపోయినా గొంతు మాత్రం తగ్గించలేదు. "రేపు పొద్దున ఎనిమిదింటికి ఈ పిల్లలు అక్కడ రిజిస్టర్ కావాలి. టీమ్ పోటీ. ఈ ఒక్క పోటీ కోసం ఏడాది నుంచి ఆడుతున్నారు. ఎక్కించండి."

"కుదరదండీ."

"మీకు కళ్ళున్నాయా? పిల్లల్ని చూస్తున్నారా?"

షట్టరమ్మకు ఇవి కొత్త మాటలు కావు. అయినా ఒక సంగతి అర్థం కాలేదు. రెండింటికి దిగాల్సిన ఆ విమానం తమ భాగస్వామి కంపెనీదే. అది ఆలస్యమైందని మధ్యాహ్నమే కబురొచ్చింది. అందులోంచి దిగి నాలుగూ పది విమానం ఎక్కేవాళ్ళు పదకొండు మంది ఉన్నారని, వాళ్ళను దగ్గరుండి తీసుకురావడానికి మనిషిని పంపారని కూడా ఆమెకు తెలుసు.

"విమానం దిగగానే మా మనిషి బోర్డు పట్టుకుని నిలబడలేదా?" అని అడిగింది.

కోచ్ ముఖం ఎర్రబడింది. "నిలబడ్డాడు. పేర్లు చదివాడు. పదకొండు పేర్లు. మేం కూడా అదే విమానానికండీ అని చెప్పాను. జాబితా చూసి మీ పేర్లు లేవన్నాడు. వాళ్ళందరినీ వేరే దారిలో తీసుకెళ్ళిపోయాడు. వాళ్ళ సామాను వాళ్ళు మోసుకోను కూడా లేదు. మా వెనక వరసలో కూర్చున్న ముసలాయన ఇప్పుడు లోపల హాయిగా కూర్చుని ఉంటాడు. ఆయనకున్న హక్కు మాకెందుకు లేదు? ఒకే విమానంలో వచ్చాం, ఒకే విమానం ఎక్కాలి!"

"టికెట్లు ఇలా ఇవ్వండి."

కాగితాలు పిన్ను కొట్టి ఉన్నాయి. పై పేజీలో ఒక బుకింగు నంబరు, మూడో పేజీలో మరొకటి. రెండు వేరు వేరు టికెట్లు. వాటిని ఒకటిగా కనిపించేలా జతచేసి, మొదటి పేజీ నెత్తిన పెద్ద అక్షరాలతో "కనెక్షన్ సమయం: 2 గం. 10 ని." అని అచ్చేశారు. కింద షాపు ముద్ర.

ఆ ముద్ర తమ్ముడి షాపుది.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆమెకు ఆ క్షణంలో తెలిసింది. కానీ గడియారం చూసింది. మూడూ నలభై మూడు.

"నన్ను తర్వాత తిట్టండి. ముందు నా వెంట రండి," అని కౌంటర్ దాటి బయటికొచ్చింది. "విమానం లేచేలోగా ఈ టికెట్లు రేపటికి మార్పించాలి. మార్చకపోతే మీరు రానివాళ్ళ లెక్కలో పడిపోతారు. అలా పడితే తిరుగు ప్రయాణం టికెట్లు కూడా రద్దయిపోతాయి."

"రానివాళ్ళమా?" కోచ్ నడుస్తూనే అరిచింది. "ఎదురుగా నిలబడ్డాం కదా! మీతో మాట్లాడుతున్నాం కదా! రానివాళ్ళమెలా అవుతాం?"

టికెట్ల కౌంటర్లో ఉన్న కుర్రాడిని తొందరపెట్టి, అయిదు టికెట్లూ మర్నాటి విమానానికి మార్పించింది. రుసుము తగ్గించమని అడిగింది, కుదరదన్నారు. కోచ్ తన కార్డే ఇచ్చింది. అంతా అయ్యేసరికి నాలుగూ రెండు. పిల్లల్లో ఎడమచేత్తో నీళ్ళు తాగుతున్న ఒక పొడుగాటి అమ్మాయి మెల్లగా అడిగింది: "ఆంటీ, ఆ ముసలాయన కూడా ఎక్కలేకపోయి ఉంటే?"

"ఆయన్ని మేమే తర్వాతి విమానంలో కూర్చోబెట్టేవాళ్ళం. రుసుమేమీ లేకుండా."

"ఎందుకు?"

"ఆయనది ఒకటే టికెట్టు. ఊరి నుంచి ఊరికి చేరుస్తామని మేం మాటిచ్చినట్టు. మీవి రెండు టికెట్లు. మొదటివాళ్ళు ఇక్కడిదాకా చేర్చి చేతులు దులుపుకున్నారు. మేం మీరు వేళకు వస్తేనే ఎక్కిస్తాం. మధ్యలో ఏం జరిగినా అది మీ బాధ్యతే."

"ఈ ముక్క టికెట్టు కొన్నప్పుడు ఎవరూ చెప్పలేదే!" అంది కోచ్. "నేను అడిగాను కూడా. మొదటిది లేటైతే ఎలా అని. కనెక్షనే కదా మేడం, వాళ్ళే చూసుకుంటారు అన్నాడు ఆ షాపతను."

ఆ షాపతను మా తమ్ముడని చెప్పడానికి ఆమెకు నోరు పెగల్లేదు. తన ఫోన్ నంబరు మాత్రం రాసిచ్చింది.

పన్నెండు రోజుల తర్వాత కోచ్ ఫోన్ చేసింది. మర్నాడు వెళ్ళారట. అప్పటికే టీమ్ పోటీ నుంచి పేరు కొట్టేశారు. సింగిల్స్‌లో ఇద్దరికే ప్రవేశం ఉంది, వాళ్ళు ఆడారు. తక్కిన ఇద్దరూ నాలుగు రోజులు బెంచీ మీద కూర్చుని వచ్చారు. ఆ ఎడమచేతి పిల్లకు ఈ నెలలో పదిహేనేళ్ళు నిండిపోతాయి, ఆ వయసు పోటీలో ఆమెకు ఇదే ఆఖరిది.

"నేను దానికోసం ఫోన్ చేయలేదు," అంది కోచ్. "మా హెడ్‌మాస్టరు నాకు మెమో ఇచ్చారు. నా నిర్లక్ష్యం వల్ల పిల్లలు విమానం తప్పారట. మొదటి విమానం యాభై నిమిషాలు లేటని ఆ కంపెనీ నుంచి కాగితం తెచ్చి చూపించాను. అదే విమానంలో వచ్చిన పదకొండు మంది ఎక్కగలిగారు కదా, మీరెందుకు ఎక్కలేకపోయారు, దారిలో పిల్లల్ని షాపింగుకు తిప్పారా అని అడిగారు. పిల్లల ముందు అడిగారు."

"ఎల్లుండి నేను వస్తాను," అంది షట్టరమ్మ.

సెలవు పెట్టి బయలుదేరింది. బస్టాండు ఎదురుగా షాపు గాజుతలుపు తోసేసరికి తమ్ముడు ఒక జంటకు ప్రయాణం వివరిస్తున్నాడు. ఇరుకైన గది, రెండు కుర్చీలు, ఒక ప్రింటరు. గోడ మీద ఆమె రాసిన అట్ట.

"అక్కా! చెప్పాపెట్టకుండా..."

"వీళ్ళకు ఇస్తున్నది ఒక టికెట్టా, రెండా?"

"ముందు కూర్చో అక్కా, టీ తెప్పిస్తాను."

"ఒకటా, రెండా?"

ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తమ్ముడు నీళ్ళు నమిలాడు. ఆమె వాళ్ళ వైపు తిరిగి, "ఈ కాగితంలో నంబర్లు రెండుంటే అవి రెండు టికెట్లు. మధ్యలో ఎంతసేపుంది?" అని అడిగింది. ఆ భర్త కాగితం చూసి, "రెండుంబావు గంటలండీ," అన్నాడు. "అయితే కొనకండి," అందామె. వాళ్ళు మళ్ళీ వస్తామని లేచి వెళ్ళిపోయారు.

తలుపు మూసుకోగానే తమ్ముడు ఎగిరిపడ్డాడు. "నా పొట్ట కొట్టడానికి వచ్చావా? ఆ స్కూలు పిల్లల సంగతేనా? ఇంతకీ నేను చేసిన తప్పేంటి? వాళ్ళకు రెండు గంటల పది నిమిషాలు ఇచ్చాను. నీ అట్ట మీద తొంభై నిమిషాలే కదా ఉంది? నువ్వు చెప్పినదానికంటే నలభై నిమిషాలు ఎక్కువే ఇచ్చాను! చూడు, నీ చేతిరాతే!"

ఆమె అట్ట వైపు చూసింది. తొంభై అని ఉంది. అంతే ఉంది. ఒకే టికెట్టు అయితేనే అన్న మాట ఆమె నోటితో చెప్పింది, నెల రోజుల్లో వందసార్లు చెప్పింది, రాయలేదు. అట్టలో చోటు చాల్లేదు. ఒక్క క్షణం తన మీద తనకే ఒళ్ళు మండింది. ఆ మంట తగ్గకముందే తమ్ముడి ముఖం చూసింది. అతను గోడ మీది ఆ అట్ట మీద వేలు పెట్టి, అదే తనకు ఢాలన్నట్టు నిలబడ్డాడు. తెలియక చేసినవాడి ముఖం అలా ఉండదు.

"ఒరేయ్, నా కళ్ళలోకి చూసి చెప్పు. నీకు తెలీదా?"

అతను చూపు తప్పించాడు.

"ఒకే టికెట్టైతే బ్యాగు ఇక్కణ్ణుంచే చివరిదాకా వెళ్తుంది. రెండో బోర్డింగ్ పాస్ ఇక్కడే చేతికొస్తుంది. తొంభై నిమిషాలు దానికి. అప్పుడు కూడా రెండు మూడు గంటలుంటే నయం. రెండు టికెట్లైతే దిగాలి, బ్యాగు కోసం నిలబడాలి, బస్సెక్కాలి, నా ముందుకు గంట ముందే వచ్చి నిలబడాలి. నీ రెండు గంటల పది నిమిషాల్లో నా గంట తీసెయ్. మిగిలింది డెబ్భై నిమిషాలు. విమానం సరిగ్గా వేళకు వచ్చినా అందులో దిగడం, బ్యాగు, బస్సు! యాభై నిమిషాలు లేటైతే ఏం మిగిలిందిరా? ఇరవై! వాళ్ళ బ్యాగులు బెల్టు మీదికి రాకముందే నేను కౌంటర్ మూసేశాను. అయిదారు గంటలైనా ఉండాలని, మర్నాడు ముఖ్యమైన పనుంటే ముందురోజే వెళ్ళి పడుకోమనాలని నీకు చెప్పానా లేదా?"

"చెప్పావు! అయిదారు గంటలంటే ఎవడు కొంటాడక్కా? ఎదురు షాపువాడు రెండు గంటలని చూపిస్తాడు. ఒకే టికెట్టుగా ఇస్తే రేటు పెరుగుతుంది. ఆ స్కూలువాళ్ళు మూడు షాపుల్లో రేట్లు అడిగారు. తక్కువున్నదే తీసుకుంటామన్నారు. నేను ఇవ్వకపోతే ఇంకొకడు ఇస్తాడు."

"ఇవ్వు! రెండు టికెట్లు అమ్మడం నేరమని నేనన్నానా? ఇవి రెండు, మధ్యలో ఏదైనా జరిగితే ఎవరికీ సంబంధం లేదు అని చెప్పి అమ్ము. ఆవిడ నిన్ను అడిగింది. మొదటిది లేటైతే ఎలా అని నోరు తెరిచి అడిగింది. వాళ్ళే చూసుకుంటారన్నావు. ఎవరురా ఆ వాళ్ళు? నేనే! వాళ్ళను నేనే వెనక్కి పంపాను!"

తమ్ముడు తల దించుకున్నాడు. ఆమె అట్టను గోడ మీద నుంచి ఊడబీకి నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో పడేసింది. "షాపు మూసి నా వెంట రా," అంది.

"ఎక్కడికి?"

"స్కూలుకి."

హెడ్‌మాస్టరు పలచగా, మర్యాదగా ఉండే మనిషి. కోచ్‌ను కూడా గదిలోకి పిలిపించారు. షట్టరమ్మ తన పని ఏమిటో చెప్పి, రెండు ఖాళీ కాగితాలు బల్ల మీద పెట్టి, పదకొండు మంది దారి ఒకదాని మీద, ఈ అయిదుగురి దారి ఇంకోదాని మీద గీసి చూపించింది. ఏ చోట ఎన్ని నిమిషాలు పడుతుందో రాసింది. ఎంత పరిగెత్తినా అయిదుగురి కాగితం మీద నిమిషాలు చాల్లేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఒకే విమానంలో వచ్చినా ఇంత తేడా ఉంటుందని మాకెలా తెలుస్తుందండీ?"

"మీకు తెలియక్కర్లేదు సార్. అమ్మినవాడికి తెలుసు." ఆమె తమ్ముడి వైపు చూసింది. "చెప్పు."

తమ్ముడు కిటికీ వైపు చూస్తూ, "మేడం గారు అడిగారండీ. నేను సరిగ్గా చెప్పలేదు," అన్నాడు.

"సరిగ్గా చెప్పకపోవడం కాదు. ఏం చెప్పావో అది చెప్పు."

"అబద్ధం చెప్పానండీ," అన్నాడు చివరికి.

హెడ్‌మాస్టరు అదే మాట కాగితం మీద రాసివ్వమన్నారు. రాశాడు. మెమో వెనక్కి తీసుకుంటున్నట్టు ఆయన కోచ్‌తో చెప్పారు. అది మంచి వార్తేనన్నట్టు చిన్నగా నవ్వారు కూడా. ఆ నవ్వుతో షట్టరమ్మకు మళ్ళీ మండింది.

"సార్, ఒక్క మాట. మూడు షాపుల్లో రేట్లు అడిగి తక్కువది పాస్ చేసింది ఎవరు?"

"అది మా ఆఫీసు పద్ధతండీ."

"అన్నిట్లోకీ తక్కువ ఎలా అయిందో మీ ఆఫీసులో ఒక్కరైనా అడిగారా? ఆవిడొక్కతే అడిగింది. మెమో ఆవిడకే ఇచ్చారు. పిల్లల ముందు నిలదీశారు. వెనక్కి తీసుకునేది మాత్రం ఈ గదిలో, తలుపులేసుకుని."

హెడ్‌మాస్టరు తర్వాతి వారం ప్రార్థన సమయంలో రెండు ముక్కలు చెప్పారట. కోచ్ పేరు ఎత్తకుండా, పొరపాటు జరిగిందని మాత్రం.

కోచ్ వాళ్ళను గేటు దాకా సాగనంపింది. థాంక్స్ చెప్పలేదు. చెప్పాలని షట్టరమ్మ ఎదురుచూడనూ లేదు. గేటు దగ్గర ఆగి కోచ్ తమ్ముణ్ణి మాత్రమే చూస్తూ అంది: "నాదయిపోయింది. ఆ ఎడమచేతి పిల్ల బ్యాటు సంచిలో పెట్టేసి, మళ్ళీ తీయనంటోంది. తను నెమ్మదిగా పరిగెత్తడం వల్లే అందరూ విమానం తప్పారని అనుకుంటోంది. బూటు ఊడింది కదా, అందుకట. నేను ఎంత చెప్పినా నమ్మట్లేదు. నేను ఓదార్చడానికి చెప్తున్నానని దాని నమ్మకం. మీరు చెప్తే నమ్ముతుంది."

తమ్ముడి ముఖంలో మొదటిసారి ఏదో కదిలింది. "ఆదివారం వెళ్ళి చెప్తానండీ," అన్నాడు. ఆ పిల్ల ఇల్లెక్కడో కోచ్ చెప్పింది. బస్టాండు వెనక రెండో వీధి. షాపు నుంచి నడిస్తే పది నిమిషాలు.

తిరిగొచ్చాక షట్టరమ్మ పనిలో పడింది. కౌంటర్ గంట ముందే మూస్తోంది. అయితే పరిగెత్తుకొచ్చినవాళ్ళ టికెట్లు ఇప్పుడు తనే అడిగి తీసుకుంటుంది. రెండు నంబర్లు కనిపిస్తే ఆ షాపు పేరు ఒక పుస్తకంలో రాసుకుంటుంది. నెల తిరక్కుండానే ఆరు పేజీలు నిండాయి. పై అధికారికి చూపించింది. అమ్మినవాళ్ళతో మనకు పని లేదమ్మా, అన్నాడాయన. ఆ రోజు ఇంటికెళ్ళి, అన్నం పెట్టుకుని కూర్చుని, తినకుండానే కంచం సింకులో పడేసింది.

స్కూలుకు వెళ్ళొచ్చిన రెండు నెలలకు తమ్ముడి భార్య ఫోన్ చేసింది. మరదలంటే షట్టరమ్మకు ఇష్టమే.

"వదినా, ఎన్నాళ్ళిలా? ఆయన చాలా మారారు. ఇప్పుడు రెండు టికెట్లైతే ముందే చెప్పి, కాగితం మీద సంతకం పెట్టించుకుంటున్నారు. బేరాలు తగ్గినా సరే అంటున్నారు. ఒక్కసారి మాట్లాడండి. మీరు ఫోన్ ఎత్తడం లేదని దిగులు పడిపోతున్నారు."

"ఆ సంతకం ఎవరి కోసం? తన తల మీదికి రాకుండా చూసుకోవడానికి."

"అలా అనకండి వదినా."

"సరే, అనను. ఆ ఎడమచేతి పిల్ల ఇంటికి వెళ్ళాడా?"

"షాపు పనితో తీరిక దొరకలేదు వదినా. ఆ పిల్ల ముఖం ఎలా చూడను అంటారు. ఈ ఆదివారం తప్పకుండా..."

"ఎనిమిది ఆదివారాలైపోయాయి," అంది షట్టరమ్మ. "పది నిమిషాల నడక. వెళ్ళొచ్చాక ఫోన్ చేయమను. ఎత్తుతాను."

ఫోన్ పెట్టేసి డ్యూటీకి తయారైంది. ఆ ఆదివారమూ, దాని తర్వాతి ఆదివారమూ ఫోన్ రాలేదు.